‘దేంట్లోకెల్లా?’ అని అడగనివ్వకు

తమ్ముడూ,

మొయినాబాద్ గులాబీల మీద నువ్వు పంపిన ప్రకటన కాపీ అందింది. పొద్దున టీ తాగుతూ ఒకసారి, మధ్యాహ్నం పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి చదివాను. నీ మాటలు నీకే ఒకసారి చూపిస్తా:

“ప్రపంచంలోనే అత్యంత అందమైన, అత్యుత్తమ నాణ్యత గల మొయినాబాద్ గులాబీలు! అత్యంత స్వచ్ఛమైన వాతావరణంలో, అత్యాధునిక పాలీహౌస్‌లలో పెరిగిన అద్వితీయమైన పూలు. అన్నింటికంటే తాజా, అన్నింటికంటే ఎక్కువ కాలం నిలిచేవి. అతి తక్కువ ధరకు, అతి వేగంగా మీ ఇంటికి. నగరంలో నంబర్ వన్!”

అయిదు వాక్యాలు, పది అతిశయాలు. వాక్యానికి రెండు చొప్పున సరిగ్గా సరిపోయాయి. తగ్గించు తగ్గించు అని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. ప్రతిసారీ “సరే సార్” అన్నావు, ప్రతిసారీ ఒకటి పెంచి పంపావు. తప్పు నాదేనేమో అనిపించింది. ఈత మానని పిల్లాడికి ఈత నేర్పడమే మంచిదని మా నాయనమ్మ అనేది. అందుకని ఇక తగ్గించమని అనను. చేసే పని పద్ధతిగా చెయ్యి. ఎలాగో చెబుతా.

అన్నిటికన్నా ముందు తెలుగుతో జాగ్రత్తగా ఉండు. ఈ భాష నీకు శత్రువు. ఇంగ్లీషులో, సంస్కృతంలో మాట చివర ఒక తోక తగిలిస్తే చాలు, వస్తువు శిఖరమెక్కి కూర్చుంటుంది. మన అచ్చతెలుగులో ఆ తోక లేదు. మన ఇళ్లలో ఏమంటారో విను. “మా ఊళ్లోకెల్లా పొడుగు మనిషి.” “ముగ్గురిలోకీ చిన్నది తెలివైంది.” “అన్ని మామిళ్లకంటే ఇదే తీపి.” ఆ ‘లోకెల్లా’కు ముందు ఊరో, ఇల్లో, తోటో ఏదో ఒకటి ఉండి తీరాలి. అంటే ఎవరితో పోల్చామో చెప్పకుండా గొప్ప చెప్పడానికి తెలుగు వ్యాకరణం ఒప్పుకోదు. ఉత్త ‘లోకెల్లా పొడుగు’ అని అను చూద్దాం, నాలుకే మొరాయిస్తుంది. పాఠకుడికి ‘దేంట్లోకెల్లా?’ అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆ ప్రశ్న పుడితే నీ పని అయిపోయినట్టే.

కాబట్టి వెంటనే సంస్కృతం చాటుకు వెళ్లిపో. అక్కడ ‘తర’ అంటే రెండింట్లో మేలు, ‘తమ’ అంటే అన్నింట్లో మేలు. మనం రోజూ అనే తారతమ్యం ఆ తర, తమ కలిసి పుట్టిన మాటే. ‘ఉత్తమ’లో ఆ ‘తమ’ ముందే ఉంది, అంటే అది అప్పటికే శిఖరం మీద ఉంది. నువ్వు దానికి ‘అతి’ చేర్చి ‘అత్యుత్తమ’ అన్నావు. శిఖరం మీద నిచ్చెన వేశావన్నమాట. నీ పోయిన నెల కాపీలో ‘అత్యంత అత్యుత్తమమైన’ అని కూడా చూశాను. అక్కడ నిచ్చెన మీద స్టూలు కూడా ఉంది. భేష్. ఎవరికంటే ఎత్తు అని అడిగేవాడు కింద నుంచి చూస్తే కనిపించనంత ఎత్తుకు వెళ్లిపోయావు. మనకు కావలసింది అదే. ‘శ్రేష్ఠ’ కూడా ఇలాగే పనికొస్తుంది. అదీ పుట్టుకతోనే అతిశయం, ‘అతి శ్రేష్ఠ’ అనొచ్చు, ఎవరూ పట్టుకోరు.

ఒక్క మాటకు మాత్రం దూరంగా ఉండు: గరిష్ఠ. అదీ ఆ కుటుంబంలోదే, గురువు అనే మాటకు అతిశయ రూపం. కానీ చెడిపోయింది. ప్రతి సబ్బు పెట్టె మీదా, బిస్కెట్ ప్యాకెట్ మీదా ఎమ్మార్పీ అని ఉంటుంది చూడు, తెలుగులో అదే ‘గరిష్ఠ చిల్లర ధర’, దాని పక్కనే రూపాయలు, పైసలు! అతిశయం పక్కన అంకె! ఎవరైనా దుకాణంలో చదివి, లెక్క చూసుకుని, “ఎక్కువ తీసుకున్నావేంది” అని తగువు పెట్టుకోవచ్చు. నువ్వు ఆ దారిన పోకు. నీ అతిశయాల పక్కన అంకె కనబడితే నేను కొట్టేస్తా.

అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసా? తోటకు వెళ్తే వస్తాయి. కాబట్టి రెండో జాగ్రత్త, తోటకు వెళ్లకు. నేను ఆ తప్పు చేశాను. నీ కాపీ చదివాక, పాపం ఎంత గొప్ప పూలో చూద్దామని పోయిన గురువారం తెల్లారక ముందే బండి తీశాను. మొయినాబాద్ దాటి లోపలికి, మట్టి దారి చివర మూడు పాలీహౌస్‌లు. లోపల తడి వాసన, మందు వాసన. ఆడవాళ్లు ఇద్దరు వరసల మధ్య నడుస్తూ కత్తెరతో కోస్తున్నారు. వాళ్లు విచ్చిన పూల జోలికి పోవట్లేదు. రంగు తేరి, పై రేకు ఒకటో రెండో వదులైన మొగ్గనే కోస్తున్నారు. కోసిన కాడ కోసినట్టే నీళ్ల బకెట్లో పడుతోంది. “విచ్చింది ఎందుకు కొయ్యరమ్మా?” అంటే, “అది మీ ఇంటికి రాకముందే రాలిపోతది సార్” అంది ఒకామె. “పచ్చి మొగ్గ కోస్తే?” “అది విచ్చుకోనే విచ్చుకోదు, మెడ వాలేస్తది.”

షెడ్డులో బల్ల. బల్ల అంచున పెయింటుతో గీతలు: 40, 50, 60, 70. ఒకాయన కాడను బల్ల మీద పరుస్తాడు, మొగ్గ ఒక అంచుకు ఆనించి కాడ చివర ఏ గీతను తాకిందో చూస్తాడు, ఆ కుప్పలో వేస్తాడు. సెంటీమీటర్లు. కాడ పొడుగైన కొద్దీ ధర పెరుగుతుంది. ఒక్కో కుప్ప నుంచి ఇరవై లెక్కబెట్టి, మొగ్గలు ఒక వరసలో ఉండేలా సర్ది, కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. ‘అత్యుత్తమ’ అనే కుప్ప నాకెక్కడా కనబడలేదు. బహుశా చల్లగది వెనకాల ఉంటుందేమో. ఆ గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలుంటుంది, నేను ఎక్కువసేపు వెతకలేకపోయాను.

నీ కాపీని ఫోన్లో ఆ రైతుకు చదివి వినిపించాను. మర్యాదస్తుడు, మొత్తం విన్నాడు. తర్వాత తల గోక్కుని, “ప్రపంచంల అన్నింటికంటే మంచిగుంటే, మరి గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల బేరమెందుకు ఆడుతుండ్రు సార్?” అన్నాడు. చూశావా, తోటకు వెళ్తే వచ్చే నష్టమిదే. ఆయనకు తన పువ్వు మీద నీకంటే ప్రేమ ఎక్కువ, కానీ ఆయన నోట ఒక్క ‘అత్యంత’ కూడా రాలేదు. ఆయన చెప్పినవి ఇవి: ఇది తాజ్‌మహల్ రకం, ఎరుపు. ఈ వారం అరవై కాడ ఎక్కువ వస్తోంది. ఎర్ర నల్లి పట్టింది, మందు కొడుతున్నాం. ఇవన్నీ కాపీకి పనికిరాని మాటలు. ముఖ్యంగా చివరిది. నువ్వు ముందరి డ్రాఫ్టులో ‘100 శాతం సహజమైన’ అని రాశావు గుర్తుందా? ఈసారి దాన్ని ఎందుకు తీసేశావో తెలియదుగాని, మందు వాసన పీల్చాక నాకు చాలా నిశ్చింతగా ఉంది.

ఇప్పుడు ‘అన్నింటికంటే ఎక్కువ కాలం నిలిచేవి’ సంగతి. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇందులో రోజులు లేవు. పొరపాటున ‘అయిదారు రోజులు’ అని రాసి ఉంటే ఏమయ్యేదో ఊహించు. కొన్నామె వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. మూడో రోజు మొగ్గ మెడ వాల్చితే ఫోన్ చేసేది. అప్పుడు మనం ఆమెకు కారణం చెప్పాల్సి వచ్చేది. కాడను నీళ్లలోంచి బయట పెట్టినప్పుడు కోసిన చోట గాలి దూరుతుందనీ, పాత నీళ్లలో సూక్ష్మజీవులు పెరిగి కాడ గొట్టాలు మూసుకుపోతాయనీ, నీళ్లు మెడ దాకా ఎక్కక మొగ్గ వాలుతుందనీ. ఆ తర్వాత మందు కూడా చెప్పాల్సి వచ్చేది. కాడను నీళ్లలో ముంచి ఉంచి, చివర ఒక అంగుళం ఏటవాలుగా కొయ్యండి. పూలకట్టను వార్తాపత్రికలో బిగుతుగా చుట్టి మెడ దాకా నీళ్లలో ఓ గంటో రెండు గంటలో నిలబెట్టండి, చాలాసార్లు తల ఎత్తుతుంది. నీళ్లలో మునిగే ఆకులు తుంచేయండి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఇదంతా కట్టతో పంపే కార్డు మీద వెనక పక్క అచ్చేస్తే నాలుగు వరసలు పడుతుంది. నాలుగు వరసల్లో ఎనిమిది అతిశయాలు పడతాయి. జాగా వృథా చేసుకోకు.

పైగా ఇంకో చిక్కు. ఈ నాలుగు వరసలు చదివిన మనిషి ఇంట్లో పూలు నిజంగానే రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి. అప్పుడు ఆమె నీ ‘అన్నింటికంటే’ను గుర్తుంచుకోదు. ఏటవాలుగా కొయ్యమన్న మాటను గుర్తుంచుకుంటుంది. రచయితకు ఇంతకంటే అవమానం ఏముంది?

‘అత్యంత స్వచ్ఛమైన వాతావరణం’ దగ్గర నేను కాసేపు ఆగాను. ఎందుకంటే ఇక్కడ నువ్వు పెద్ద గండం నుంచి తప్పించుకున్నావు. ఆ మాట వెనక ఒక నిజం ఉంది, పక్కకు తిరిగితే బయటపడేది. 1908లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచాక 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండు చెరువుల నీళ్లు పాడవకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో తెచ్చింది. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కుదరవంది. ఆ గీతలో 84 ఊళ్లు పడ్డాయి. మొయినాబాద్ వైపు ఊళ్లు చాలా అందులోవే. నగరం గచ్చిబౌలి దాకా, కోకాపేట దాకా అద్దాల మేడలు లేపుకుంటూ వచ్చి ఇక్కడ ఆగింది. ఊరు ఇంత దగ్గరైనా ఇక్కడ ఇంకా పూలతోటలు, కూరగాయల మళ్లు మిగిలాయంటే ఆ గీతకూ ఇందులో పెద్ద వాటా ఉంది.

ఇది రాసి ఉంటే కొనేవాడికి ఈ గులాబీ ఎక్కడిదో, ఎందుకు అక్కడిదో తెలిసిపోయేది. ఇంకా ఘోరం, ‘ఉంది’ అనాలా ‘ఉండేది’ అనాలా అని నువ్వు తేల్చుకోవాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. మరుసటి ఏడు 111ను పూర్తిగా ఎత్తేస్తున్నామని మంత్రివర్గం ప్రకటించింది. కాబట్టి ‘పరిశ్రమలకు అనుమతి లేని ప్రాంతం’ అని ఈరోజు రాసే ముందు ఎవరికైనా ఫోన్ చేసి అడగాలి. ‘అత్యంత స్వచ్ఛమైన’ అని రాస్తే ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు. జీవోలు మారినా, చెరువులు ఎండినా ఆ మాట చెక్కుచెదరదు. అతిశయానికి కాలం చెల్లదు, చల్లగదిలో పెట్టాల్సిన పని కూడా లేదు.

(‘అత్యాధునిక పాలీహౌస్’ గురించి ఏమీ అనకుండా దాటేస్తున్నా. ఇనప గొట్టాలు, పైన ప్లాస్టిక్ షీటు, పక్కకు చుట్టే కర్టెన్లు, డ్రిప్పు. మంచి పాలీహౌస్. ఒక మూల షీటు చినిగితే టేపు అంటించారు.)

ఇప్పుడు చట్టం. ఇది కాస్త శ్రద్ధగా విను, ఎందుకంటే ఇక్కడ నీ పది అతిశయాలు రెండు కుప్పలవుతాయి, బల్ల మీద కాడల్లాగే. ‘అద్వితీయం’, ‘అత్యంత అందమైన’ లాంటివి ఒక కుప్ప. ఇవి మాటల గాలి అని వినేవాడికీ తెలుసు, కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. ప్రకటనల తప్పొప్పులు చూసే ఏఎస్‌సీఐ అనే సంస్థ 1985 నుంచీ ఉంది. వాళ్లు కూడా స్పష్టంగా వేళాకోళం అని తెలిసే అతిశయోక్తిని పోనిస్తారు. రెండో కుప్ప వేరు. ‘అతి తక్కువ ధర’, ‘నంబర్ వన్’, ‘అన్నింటికంటే ఎక్కువ కాలం’. ఇవి కొలవదగిన మాటలు. కొలవదగిన మాట అంటే, కొలిచి చూపించమని అడగదగిన మాట. ఎవరి ధరలతో పోల్చావు, ఏ తేదీన, ఎవరు లెక్కగట్టారు అన్న కాగితం నీ దగ్గర ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. దాని మార్గదర్శకాలు 2022 జూన్‌లో వచ్చాయి. గులాబీల ధర ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో ఎక్కడికి పోతుందో నీకు తెలుసు. మన ప్రకటన ఏడాదంతా వేలాడుతుంది. ఆ పక్షం రోజులు ‘అతి తక్కువ’ ఏమవుతుంది?

కాబట్టి నా సలహా, మొదటి కుప్పే వాడు. ఎవరూ నమ్మనిదాన్ని ఎవరూ పట్టుకోరు. నమ్మితే మాత్రం పట్టుకుంటారు. ఎవరూ నమ్మని పది మాటలు అచ్చువేయడానికి కంపెనీ మనిద్దరికీ జీతాలు ఇస్తోందన్న సంగతి పైవాళ్లకు తెలియనంత కాలం ఇది చాలా భద్రమైన ఉద్యోగం.

ఇక ఎలా రాయకూడదో ఒక మచ్చు చూపిస్తా. తోట నుంచి వచ్చాక, బూట్ల మట్టి ఇంకా ఆరక ముందే, ఈ దిగజారుడు కాపీ నేనే రాశాను:

“ఎర్ర గులాబీలు, తాజ్‌మహల్ రకం, 20 కాడల కట్ట. కాడ పొడవు 60 సెంటీమీటర్లు. మొయినాబాద్‌లో తెల్లవారుజామున మొగ్గగా కోసి నీళ్లలో ఉంచి తెస్తాం. మీరు అందుకునే రోజు ఇవి మొగ్గలే, మర్నాటికి విచ్చుకోవడం మొదలుపెడతాయి. కాడ చివర అంగుళం కోసి, రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే అయిదారు రోజులుంటాయి. మొదటి మూడు రోజుల్లో మెడ వాలితే ఫొటో పంపండి, కట్ట మారుస్తాం.”

ఎన్ని తప్పులో చూడు. ‘అందమైన’ అనే మాటే లేదు. చదివినవాడికి ఎర్ర మొగ్గలు, పొడుగు కాడలు కళ్ల ముందుకొచ్చి, అందమో కాదో వాడే తేల్చుకునేలా ఉంది. ‘అందుకునే రోజు ఇవి మొగ్గలే’ అని చెప్పేశాం. నీ కాపీ చదివి విచ్చిన పూల కోసం ఎదురుచూసి, మొగ్గలు చూసి, “చిన్న పూలు పంపారు” అని తిట్టే ఫోన్లు ఇక రావు. కస్టమర్ కేర్ పిల్లలకు పని తగ్గుతుంది. చివరి వాక్యం మరీ దారుణం, అది మాటిచ్చింది. దాని మీద గోదాము మేనేజరు సంతకం తీసుకోవాల్సి వచ్చింది. ఆయన ‘మూడు రోజులు’ దగ్గర రెండుసార్లు పెన్ను ఆపి, చివరికి సంతకం పెట్టాడు. నీ ‘అత్యుత్తమ’ కోసం ఆయన్ని ఎప్పుడైనా అడిగామా? అడగకుండానే అచ్చయింది. సంతకం అక్కర్లేని మాట ఎంత సులువో గమనించు.

నీకు ఈ ఉద్యోగం విసుగొస్తే చేవెళ్ల రోడ్డు మీద వెంచర్ల బోర్డులు రాసేవాళ్లు నిన్ను ఎత్తుకుపోతారు. ఆ పాత మర్రిచెట్ల వరస వెంట వెళ్తుంటే చెట్టుకొక బోర్డు కనిపిస్తుంది. ‘చిలుకూరు బాలాజీకి అతి చేరువలో’, ‘ఎయిర్‌పోర్టుకు అత్యంత సమీపంలో’. కిలోమీటర్లు ఎక్కడా ఉండవు, నీకు పుట్టిల్లులా ఉంటుంది. కాకపోతే అక్కడా ఒక ముల్లుంది. 500 చదరపు మీటర్లు మించిన భూమికైనా, ఎనిమిది మించిన ఫ్లాట్లకైనా రెరా నమోదు ఉంటేనే ప్రకటన వెయ్యాలి. ప్రకటనలో చెప్పింది తప్పని తేలితే, దాన్ని నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవాడికి పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలో 12వ సెక్షనుంది. అక్కడ కూడా ‘అతి చేరువలో’ అనే రాయి. ‘ఏడు కిలోమీటర్లు’ అని మాత్రం అనకు. ఎవడైనా బండి మీటరు చూసుకుంటూ వెళ్లగలడు.

రేపటికి చేవెళ్ల క్యారెట్ కాపీ ఉంది, అరకిలో ప్యాకెట్. రైతు నంబరు షీట్లో మూడో వరసలో పెట్టాను. ఫోన్ చెయ్యకు. చేస్తే ఏ రోజు తవ్వారో, ఆకు కోశారో లేదో, ఎన్ని నీళ్లలో కడిగారో అన్నీ చెప్పేస్తాడు. ఆయన పొద్దున ఎనిమిది దాటితే మడిలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. కాబట్టి ఏడున్నరకు అస్సలు చెయ్యకు.